10 నుంచి 16 వరకు సెలవు: అది 4 రోజులా, 7 రోజులా?

సెలవు చీటీలో కారణం, తేదీలు, సంతకం రాయడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. పేచీ అంతా “మొత్తం ఎన్ని రోజులు” అన్న ఒక్క అంకె దగ్గర వస్తుంది. మధ్యలో శని, ఆదివారాలు, వాటి పక్కనే ఒక పండగ వచ్చాయంటే అదే చీటీని ఒకరు 4 రోజులుగానూ, మరొకరు 5గానూ, ఇంకొకరు 7గానూ లెక్కపెడతారు. ఎవరి లెక్కా తప్పు కాకపోవచ్చు, ఎందుకంటే అది ఏ రకం సెలవు అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. చీటీ రాసే మనిషికి ఆ సంగతి తెలియకపోతే ఖాతాలోంచి అనవసరంగా మూడు రోజులు పోతాయి. లేదా చీటీ “సరిచేసి మళ్లీ ఇవ్వండి” అన్న మాటతో వెనక్కి వస్తుంది.

ఈ లెక్కలో ఉన్న చిక్కులన్నీ ఒకేచోట కనిపించే వారం 2026 సెప్టెంబరులో ఉంది. ఆ నెల 12 రెండో శనివారం, 13 ఆదివారం, 14 సోమవారం వినాయక చవితి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మామూలు ప్రభుత్వ కార్యాలయాలకు ఈ మూడూ వరుస సెలవులే. ఒక తహశీల్దారు కార్యాలయంలో పనిచేసే జూనియర్ అసిస్టెంటునే తీసుకుందాం. ఆయన తండ్రికి గురువారం 10న కంటి ఆపరేషన్, మళ్లీ బుధవారం 16న డాక్టరుకు చూపించాలి. కాబట్టి గురు, శుక్రవారాలు (10, 11), ఆపైన మంగళ, బుధవారాలు (15, 16) ఆయన ఆఫీసుకు రాలేడు. 17 గురువారం పొద్దున తిరిగి విధుల్లో చేరతాడు.

ఈ ఒక్క గైర్హాజరులో మూడు అంకెలు ఉన్నాయి. ఆఫీసులో కనిపించని రోజులు 10 నుంచి 16 వరకు ఏడు. వాటిలో అసలు పనిదినాలు నాలుగు. మధ్యలో పడ్డ సెలవు దినాలు మూడు. చీటీలో ఏ అంకె వేయాలో నిర్ణయించేది సెలవు రకం.

ఏడు ఎలా వచ్చిందో కూడా ఒకసారి చూడాలి, చాలా చీటీలు మొదట తప్పేది అక్కడే. 16లోంచి 10 తీసేస్తే 6 వస్తుంది, కానీ 10వ తేదీ కూడా సెలవు రోజే కాబట్టి ఒకటి కలపాలి. నెల దాటితే ఈ పొరపాటు ఇంకా సులువుగా జరుగుతుంది. సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 3 వరకు అంటే సెప్టెంబరులో 28, 29, 30 మూడు రోజులు, అక్టోబరులో మరో మూడు, మొత్తం ఆరు. ఆగస్టు అలవాటుతో 31 ఉందనుకుంటే ఏడు అవుతుంది, 30 నుంచి 28 తీసేసి ఊరుకుంటే ఐదే అవుతుంది. వేళ్ల మీద ఒక్కొక్క తేదీ పేరు పలుకుతూ లెక్కపెట్టడమే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

“వరకు” అన్న మాట దగ్గర ఇంకో గందరగోళం ఉంది. “16 వరకు సెలవు” అంటే 16న వస్తాడా, రాడా? రాసేవాడి మనసులో ఒకటి ఉంటుంది, చదివేవాడు ఇంకోలా అనుకుంటాడు. “10 నుంచి 16 వరకు, రెండు రోజులూ కలుపుకొని” అని రాసి, పక్కనే “17 గురువారం ఉదయం విధులకు హాజరవుతాను” అని చేరిస్తే అనుమానానికి తావుండదు. తేదీ పక్కన వారం పేరు కూడా వేయాలి. తేదీ తప్పుపడితే వారం పేరు దాన్ని పట్టిస్తుంది.

ఇక రకాల విషయానికి వద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి 15 ఆకస్మిక సెలవులు ఉంటాయి. ఆఫీసుల్లో అందరూ అనేది సీఎల్ అనే. సీఎల్ మధ్యలో వచ్చే ఆదివారాలు, రెండో శనివారాలు, పండగ సెలవులు సీఎల్ ఖాతాలోంచి పోవు. కాబట్టి మన జూనియర్ అసిస్టెంటు సీఎల్ పెడితే ఖర్చయ్యేది 10, 11, 15, 16 తేదీలకు నాలుగే. హాజరు పట్టీలో కూడా ఆ నాలుగు గళ్లలోనే సీఎల్ అని పడుతుంది. 12, 13, 14 గళ్లలో ఆఫీసు మొత్తానికీ ఉన్నట్టే సెలవు గుర్తు ఉంటుంది.

అయితే సీఎల్‌కు ఇంకో హద్దు ఉంది, చాలామంది అక్కడే దెబ్బతింటారు. సీఎల్‌తో ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు, ఐచ్ఛిక సెలవులు కలుపుకోవచ్చు, కానీ అన్నీ కలిపి వరుస గైర్హాజరు 10 రోజులు దాటకూడదు. ఖాతాలో తగ్గించేటప్పుడు పండగను లెక్కలోకి తీసుకోరు. హద్దు చూసేటప్పుడు మాత్రం తీసుకుంటారు. మన కేసులో గైర్హాజరు 7 రోజులు కాబట్టి హద్దుకు ఇంకా మూడు రోజుల దూరం ఉంది.

ఆ మూడు రోజులు ఎంత త్వరగా కరిగిపోతాయో చూడండి. తండ్రికి కన్ను ఇంకా కుదుటపడలేదు, ఆయన 17, 18 కూడా ఉండిపోయాడనుకుందాం. సీఎల్‌లు ఆరు, గైర్హాజరు 9 రోజులు, ఇంతవరకు ఏ గొడవా లేదు. 19 శనివారం కూడా కావాల్సి వచ్చింది. అది మూడో శనివారం, పనిదినమే. సీఎల్‌లు ఏడు. 10 నుంచి 19 వరకు లెక్కపెడితే సరిగ్గా పది రోజులు, హద్దులోనే ఉన్నాం అనిపిస్తుంది. కానీ ఆయన 20న చేరలేడు, అది ఆదివారం. చేరేది 21 సోమవారం. ఆఫీసుకు రాని వరుస రోజులు 10 నుంచి 20 వరకు పదకొండు. ఒక్క శనివారం సెలవు అడిగితే వెనక ఆదివారం తనంతట తానే అతుక్కుని హద్దు దాటించింది.

వారానికి 5 రోజుల పని విధానం ఉన్న చోట ఇదే చిక్కు ఒకరోజు ముందే వస్తుంది. అక్కడ 19 శనివారం కూడా సెలవే. కాబట్టి ఉద్యోగి 18 శుక్రవారం వరకు సీఎల్ పెట్టినా 19, 20 కలిసి గైర్హాజరు 11 రోజులవుతుంది, ఖర్చయిన సీఎల్‌లు ఆరే అయినా సరే. ఇంకో జిల్లాలో ఇంకో కార్యాలయంలో పనిచేసే స్నేహితుడి చీటీని చూసి రాసుకుంటే ఇలాగే తప్పుతుంది. మీ ఆఫీసుకు ఏ శనివారం పనిదినమో, ఏది కాదో మొదట తేల్చుకోవాలి.

సీఎల్ హద్దు దాటబోతోందని తెలిశాక చాలామందికి తట్టే ఉపాయం, మొదటి కొన్ని రోజులు సీఎల్, మిగతావి ఆర్జిత సెలవు అని విడగొట్టడం. అది కుదరదు. సీఎల్‌ను ఆర్జిత సెలవుతో గానీ అర్ధ వేతన సెలవుతో గానీ కలపనివ్వరు. నియమాల దృష్టిలో సీఎల్ తీసుకున్న మనిషి విధుల్లో ఉన్నట్టే లెక్క. ఆర్జిత సెలవు అలా కాదు, అది సర్వీసు రిజిస్టరులోకి ఎక్కే అసలు సెలవు. మధ్యలో మూడు రోజులు పండగ సెలవులు ఉన్నాయి కదా, అవతల సీఎల్, ఇవతల ఆర్జిత సెలవు పెడతాను అన్నా ఒప్పుకోరు. మధ్యలో ఒక్క పనిదినమైనా విధులకు హాజరైతేనే రెండూ వేర్వేరు సెలవులవుతాయి. సెలవు దినాలు గోడలా నిలబడి రెండు సెలవుల్ని విడదీయవు.

ఇప్పుడు అదే మనిషి అవే తేదీలకు ఆర్జిత సెలవు పెట్టాడనుకుందాం. ఆఫీసుల్లో దీన్ని ఈఎల్ అంటారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఈఎల్ మొదలైన రోజు నుంచి ముగిసిన రోజు వరకు మధ్యలో ఏం వచ్చినా, ఆదివారమైనా పండగైనా, ఈఎల్ కిందే జమకడతారు. 10 నుంచి 16 వరకు పెడితే ఖాతాలోంచి 7 రోజులు పోతాయి. అదే సీఎల్‌లో నాలుగే పోయేవి.

ఆ మూడు రోజుల తేడా చిన్నదేమీ కాదు. మామూలు శాఖల ఉద్యోగికి ఏడాదికి 30 ఈఎల్‌లు, జనవరి 1న 15, జులై 1న 15 చొప్పున ముందుగానే ఖాతాలో పడతాయి. 300 రోజుల దాకా నిల్వ ఉంచుకోవచ్చు, పదవీ విరమణ నాడు ఆ నిల్వకు జీతం లెక్కన డబ్బు చేతికొస్తుంది. వినాయక చవితి రోజుకూ, దాని ముందు ఆదివారానికీ ఈఎల్ ఖర్చు చేయడమంటే ఆఖరి నెల జీతం లెక్కన వచ్చే డబ్బును వదులుకోవడమే. సెలవు దినాల్లో విద్యార్థులతో పాటు తామూ సెలవులో ఉండే ఉపాధ్యాయులకు అయితే ఈఎల్ ఏడాదికి ఆరే. వాళ్లు ఇలా ఒక్కసారి లెక్క చూసుకోకుండా చీటీ రాస్తే ఏడాది కోటా మొత్తం పోయి, పాత నిల్వలోంచి ఇంకోటి పోతుంది.

మధ్యలో పడ్డ సెలవు దినం ఈఎల్‌లో కలిసిపోతుంది గానీ, అంచుల్లో ఉన్నది కలవదు. ఈఎల్ మొదలయ్యే రోజుకు ముందు వరుసగా ఉన్న సెలవు దినాలను ప్రిఫిక్స్ చేసుకోవచ్చు, ముగిసిన రోజుకు వెనక ఉన్నవాటిని సఫిక్స్ చేసుకోవచ్చు. ఫండమెంటల్ రూల్స్‌లో 68వ నియమం దీనికి ఆధారం. అలా అనుమతి పొందిన రోజులు గైర్హాజరులో ఉంటాయి గానీ ఈఎల్ ఖాతాలోంచి పోవు.

కాబట్టి మన ఉద్యోగికి ఆపరేషన్ రోజుల్లో అన్నగారు తోడుంటారు, తనకు 15, 16 మాత్రమే సెలవు చాలు అనుకుంటే, ఆయన శుక్రవారం సాయంత్రం ఊరెళ్లి గురువారం పొద్దున చేరవచ్చు. 15, 16 తేదీలకు 2 రోజుల ఈఎల్, ముందున్న 12, 13, 14 తేదీలు ప్రిఫిక్స్. పోయేది రెండు రోజులు. అదే చీటీలో “12 నుంచి 16 వరకు ఈఎల్ మంజూరు చేయగలరు” అని రాస్తే పోయేది ఐదు. మనిషి ఆఫీసులో లేని రోజులు రెండు సందర్భాల్లోనూ ఒకటే. చీటీలో “నుంచి” ముందు ఏ తేదీ వేశాడన్నదే తేడా. 12న సెలవు మొదలైందని తనే రాసిచ్చాక గుమాస్తా దాన్ని అలాగే ఎక్కిస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

ఇటువైపు చూసినా అంతే. 10, 11 మాత్రమే కావాలంటే 2 రోజుల ఈఎల్, వెనక ఉన్న 12, 13, 14 సఫిక్స్, 15న చేరిక. ఇలా ఏదో ఒక వైపే అయితే రెండేసి రోజులు పోతాయి. రెండు వైపులా కావాలంటే మాత్రం రెండూ రెండూ నాలుగు కాదు, ఏడు. అప్పటిదాకా అంచులో ఉన్న మూడు సెలవులు ఇప్పుడు నడుమకొచ్చాయి. పండగకు అటూ ఇటూ సెలవు కావాల్సినప్పుడు సీఎల్ నిల్వ ఉంటే సీఎల్ పెట్టడం, పండగకు ఒకవైపే కావాల్సినప్పుడు ఈఎల్ పెట్టినా నష్టపోకుండా ప్రిఫిక్స్, సఫిక్స్ అడగడం మంచిదని నేను చెప్పేది ఇందుకే.

ప్రిఫిక్స్, సఫిక్స్ అన్న మాటలు చీటీలో ఉండాలి, తేదీలతో సహా. వాటిని అనుమతిగా అడగాలి, మంజూరు ఉత్తర్వులో కూడా అవి కనిపించాలి. ఉత్తర్వులో ఆ ముక్క లేకపోతే ఏళ్ల తర్వాత సర్వీసు రిజిస్టరు పరిశీలించే ఆడిట్‌లో ఆ రోజుల సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. అప్పటికి ఆ చీటీ రాసిన మనిషికే గుర్తుండదు.

మన కేసుకు సీఎల్ చీటీ ఇలా ఉంటే సరిపోతుంది:

> తేదీ: 02-09-2026
>
> తహశీల్దారు గారికి,
>
> అయ్యా,
>
> విషయం: 10, 11, 15, 16-09-2026 తేదీలకు 4 రోజుల ఆకస్మిక సెలవు, హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లడానికి అనుమతి కోరుట గురించి.
>
> మా నాన్నగారికి 10-09-2026 గురువారం కంటి ఆపరేషన్ జరగనుంది. 16-09-2026 బుధవారం తిరిగి డాక్టరుకు చూపించవలసి ఉంది. కనుక 10 (గురు), 11 (శుక్ర), 15 (మంగళ), 16 (బుధ) తేదీలకు మొత్తం 4 రోజుల ఆకస్మిక సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.
>
> మధ్యలో 12 రెండో శనివారం, 13 ఆదివారం, 14 వినాయక చవితి ప్రభుత్వ సెలవు దినాలు. వీటిని కూడా కలిపి వినియోగించుకొనుటకు అనుమతి కోరుతున్నాను. మొత్తం గైర్హాజరు 7 రోజులు.
>
> 09-09-2026 సాయంత్రం పనివేళలు ముగిసిన తర్వాత నుంచి 17-09-2026 ఉదయం వరకు హెడ్‌క్వార్టర్స్ విడిచి ఉండడానికి అనుమతించగలరు. 17-09-2026 గురువారం ఉదయం విధులకు హాజరవుతాను.
>
> ఈ సంవత్సరం ఇంతవరకు వినియోగించుకున్న ఆకస్మిక సెలవులు 7, నిల్వ 8. ఈ సెలవు తర్వాత నిల్వ 4.
>
> సెలవులో ఉండే చిరునామా, ఫోను నంబరు: ………
>
> ఇట్లు,
> తమ విధేయుడు,
> (సంతకం, పేరు, హోదా)

ఇందులో ఒక్కో వాక్యం ఒక్కో ప్రశ్నకు జవాబు. “మొత్తం గైర్హాజరు 7 రోజులు” అన్నది పది రోజుల హద్దు చూసే అధికారి కోసం. నాలుగు తేదీలనూ విడివిడిగా చెప్పడం హాజరు పట్టీ రాసే గుమాస్తా కోసం. “10 నుంచి 16 వరకు 4 రోజులు” అని మాత్రమే రాస్తే తేదీలకూ అంకెకూ పొంతన కుదరదు, చదివినవాళ్లకు అది కూడిక తప్పులాగే కనిపిస్తుంది. నిల్వ అంకె రాయడం తప్పనిసరి కాకపోయినా, అది ఉంటే సీఎల్ రిజిస్టరు తెరవకుండానే సంతకం పడే అవకాశం ఎక్కువ.

హెడ్‌క్వార్టర్స్ అనుమతిని కొందరు సెలవు దినాలకు అక్కర్లేదనుకుంటారు. ప్రభుత్వ ఉద్యోగి ఆదివారమైనా పండగైనా పనిచేసే ఊరు దాటాలంటే అనుమతి ఉండాలి. పైగా వినాయక చవితి నాడు పందిళ్లు, శాంతిభద్రతలు, ఆ తర్వాత నిమజ్జనాల ఏర్పాట్లు అంటూ రెవెన్యూ సిబ్బందిని పిలిచే సందర్భాలు ఉంటాయి. సెలవు మంజూరైంది కదా అని వెళ్లిపోయి, హెడ్‌క్వార్టర్స్ అనుమతి లేకపోతే 12, 13, 14 తేదీల్లో పిలిచినప్పుడు దొరకనందుకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. అందుకే అనుమతి అడిగే తేదీలు సెలవు తేదీలకన్నా కొంచెం వెడల్పుగా, ముందురోజు సాయంత్రం నుంచి చేరే రోజు ఉదయం వరకు ఉండాలి.

ఇదే సెలవు ఈఎల్ అయితే చీటీ మధ్య భాగం మారుతుంది:

> 10-09-2026 గురువారం నుంచి 16-09-2026 బుధవారం వరకు, రెండు రోజులూ కలుపుకొని, 7 రోజుల ఆర్జిత సెలవు మంజూరు చేయగలరు.

ఇక్కడ పండగ ఊసు రాయనక్కర్లేదు, అది ఏడులోనే ఉంది. పొడిగించాల్సి వచ్చి 19 శనివారం దాకా వెళితే ఇలా:

> 10-09-2026 నుంచి 19-09-2026 వరకు 10 రోజుల ఆర్జిత సెలవు, తదుపరి 20-09-2026 ఆదివారాన్ని సఫిక్స్ చేసుకోవడానికి అనుమతి. 21-09-2026 సోమవారం విధులకు హాజరవుతాను.

సీఎల్‌గా హద్దు దాటిన ఆ పదకొండు రోజుల గైర్హాజరు ఈఎల్‌గా పెడితే నియమాలకు లోబడే ఉంటుంది, కానీ ఏడు సీఎల్‌ల బదులు పది ఈఎల్‌లు పోతాయి. ఊళ్లో ఉండగానే పొడిగింపు చీటీ పంపాల్సి వస్తే, ఇంకో రోజు సీఎల్ అని రాసే ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోవాలి. 19న ఎలాగోలా ఒక్కరోజు వచ్చి చేరగలిగితే ఆరు సీఎల్‌లతో అయిపోయేది.

సొంత అనారోగ్యం అయితే ఇంకో తేదీ తోడవుతుంది, డాక్టరు సర్టిఫికెట్ మీది తేదీ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1972 సెలవు నియమాల్లో 22వ నియమం దీన్ని స్పష్టంగా చెబుతుంది. విధులకు రాలేడని డాక్టరు ఏ రోజు రాసిచ్చాడో, దానికి సరిగ్గా ముందున్న సెలవు దినాలు వాటంతటవే ప్రిఫిక్స్ అవుతాయి. ఆ రోజు, దాని వెనక వరుసగా వచ్చే సెలవు దినాలు మాత్రం సెలవు కిందే పోతాయి. 12 శనివారం జ్వరమొచ్చి అదే రోజు సర్టిఫికెట్ తీసుకుంటే 12, 13 సెలవు ఖాతాలోంచి తగ్గుతాయి. తిరిగి చేరేటప్పుడూ ఇలాంటిదే. కోలుకున్నాడన్న సర్టిఫికెట్ 12 తేదీతో ఉంటే ఆ శని, ఆదివారాలు సఫిక్స్, సోమవారం తేదీతో ఉంటే అవి సెలవులో భాగం. కోలుకున్న రోజే సర్టిఫికెట్ తీసుకోకుండా, ఆఫీసుకు వెళ్లే రోజు పొద్దున తెచ్చుకునేవాళ్లు ఇలాగే నష్టపోతుంటారు.

కేంద్ర ఉద్యోగులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. వినాయక చవితి దేశంలోని అన్ని కేంద్ర కార్యాలయాలకూ తప్పనిసరి సెలవు కాదు. ఒక జాబితాలోంచి స్థానికంగా ఎంచుకునే పండగల్లో అది ఒకటి. రాష్ట్ర ప్రభుత్వ క్యాలెండరు గోడ మీద చూసి 14 సెలవే అనుకుని చీటీ రాస్తే ఒక రోజు తక్కువ అడిగినట్టవుతుంది. అప్పుడు సోమవారం చీటీ లేని గైర్హాజరు అవుతుంది, అది ఎక్కువ రోజులు అడగడం కన్నా పెద్ద తలనొప్పి.

రాష్ట్ర క్యాలెండరు కూడా రాతిమీద గీత కాదు. నెలవంకను బట్టి ఉండే పండగల సెలవు ఒకరోజు అటూ ఇటూ జరుగుతుంది. రెండో శనివారం కూడా అప్పుడప్పుడు పనిదినమవుతుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం జనవరి 1ని సెలవు చేసి, బదులుగా ఫిబ్రవరి 10 రెండో శనివారాన్ని పనిదినం చేసింది. ఆ వారం మధ్యలో ఆ శనివారాన్ని సెలవనుకుని నాలుగు సీఎల్‌లు అడిగినవారికి ఐదు కావాల్సి వస్తుంది. చీటీ ముందే ఇచ్చి, ఆ తర్వాత తేదీ మారిందని తెలిస్తే, పాత చీటీ తేదీని ప్రస్తావిస్తూ రెండు వాక్యాల సవరణ చీటీ ఇవ్వడమే మార్గం. తిరిగొచ్చాక నోటితో చెబుతానులే అనుకుంటే హాజరు పట్టీ అప్పటికే రాసేసి ఉంటుంది.

ప్రైవేటు కంపెనీల్లో లెక్క పూర్తిగా ఆ కంపెనీ సెలవు విధానం మీద ఆధారపడుతుంది. హైదరాబాదు ఐటీ ఆఫీసుల్లో శాండ్‌విచ్ రూల్ అని వినిపించేది ఇదే. రెండు సెలవు రోజుల మధ్య ఇరుక్కున్న వారాంతాన్నీ పండగనూ కూడా సెలవుగా తగ్గించుకోవడం. అది ఉన్న కంపెనీలో మన తేదీలకు 7, లేని కంపెనీలో 4. కొన్నిచోట్ల వారాంతాన్ని కలిపి పండగను వదిలేస్తారు, అప్పుడు 6. అందుకే విధానం చదివేటప్పుడు వీక్లీ ఆఫ్‌లు, పండగ సెలవులు అన్న రెండింటి గురించీ విడిగా ఏం రాశారో చూడాలి. పోర్టల్‌లో తేదీలు ఎక్కించగానే అది చూపే అంకె, మీరు మేనేజరుకు పంపిన మెయిల్‌లోని అంకె ఒకటేనా అన్నది సమర్పించే ముందే పోల్చుకోవాలి. సెలవు నిల్వ లేక జీతం కోత పడే పరిస్థితిలో ఈ తేడా నాలుగు రోజుల జీతమా ఏడు రోజుల జీతమా అన్నంత దూరం వెళుతుంది. విదేశీ క్లయింటు క్యాలెండరు మీద పనిచేసే టీముకు చవితి సెలవు కాకపోవచ్చు కూడా, అప్పుడు 14 కోసం విడిగా సెలవు పెట్టుకోవాలి.

ఫ్యాక్టరీ కార్మికులకు ఇందుకు భిన్నమైన రక్షణ ఉండేది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 79వ సెక్షన్ ప్రకారం వేతనంతో కూడిన వార్షిక సెలవులో, మధ్యలో వచ్చినా అంచుల్లో వచ్చినా, సెలవు దినాలను కలపకూడదని ఉండేది. ప్రభుత్వ ఈఎల్‌లో ఏడు పోయే చోట ఆ లెక్కన పనిదినాలే పోయేవి. అదే చట్టం, మామూలు ఫ్యాక్టరీలో సెలవు మొదలవడానికి కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు ఇవ్వాలనీ చెప్పింది. ఆ లెక్కన మన తేదీల్లాంటి వాటికైతే ఆగస్టు 26కల్లా చీటీ మేనేజరుకు అందాల్సి ఉండేదన్నమాట.